ఇస్రాయేలు గదవ

సూర్యాపేట బజారులో పటాల బుచ్చయ్య చేతికి చిక్కకుండా తప్పించుకున్న పెద్దమనిషి ఆ పదిహేనేండ్లలో ఒక్కడూ లేడు. తప్పించుకోవడానికి వీలు కూడా లేదు. ఎందుకంటే, వాళ్లంతా అప్పటికే చచ్చిపోయి ఉండేవారు. ఫోటో దిగితే ఆయుష్షు తరుగుతుందని జీవితమంతా కెమెరాకు దూరంగా ఉండి, ఆ జాగ్రత్త వల్ల ప్రత్యేక లాభమేమీ పొందకుండానే పోయిన దొరలూ పటేళ్లూ షావుకార్లూ అతని ఖాతాదారులు. తండ్రి పోయిన ఏడాదికో రెండేండ్లకో కొడుకు వచ్చి అరుగు మీద కూర్చుని, "బుచ్చయ్యా, మా నాయిన పటం గావాలె. ఎట్లుండెటోడంటే... మంచిగ ఉండెటోడు" అనేవాడు. బుచ్చయ్యకు అంతకంటే వివరం అక్కర్లేదు.

బుచ్చయ్య చిన్నతనంలో ఒక నాటకాల కంపెనీలో తెరలు రాశాడు. ఆ కంపెనీలో ధర్మరాజు వేషం కట్టే ఒకాయనకు విశాలమైన నుదురు, పెదవి కింద గుండ్రని గదవ, ఎవరికీ ఎప్పుడూ ఏమీ ఇవ్వకపోయినా ఇచ్చినట్టు కనబడే కళ్లు ఉండేవి. ఆ మొహం బుచ్చయ్య చేతికి పట్టుబడింది. దానికి మీసం పెడితే పటేలు, నామం పెడితే షావుకారు, తలకు రుమాలు చుడితే దేశ్‌ముఖు. ఇట్లా నలభై మంది తండ్రులను తయారు చేశాడు. నలభై మంది కొడుకులూ పటం చూడగానే కండ్లు తుడుచుకుని, "అచ్చం మా నాయినే" అన్నారు. కాదన్నవాడు లేడు. మొదటి ఇద్దరు ముగ్గురి దగ్గర బుచ్చయ్యకు గుండె దడదడలాడింది. ఆ తర్వాత దడ పోయి, దాని జాగాలో ఒక చులకన వచ్చి కూర్చుంది. కన్నతండ్రి గదవ ఎట్లుంటుందో తెలియని జనం! అట్లాంటి జనానికి తాను ఒక కళాకారుడు! ఈ రెండు సంగతులూ తలుచుకుని అతను రోజూ పొద్దున ఒకసారి చీదరించుకునేవాడు. తర్వాత చాయ తాగి పనిలో కూర్చునేవాడు.

పోలీసు చర్య జరిగి తొమ్మిది నెలలైంది. ఎర్రజెండా సంఘపోళ్లకు భయపడి హైదరాబాదు చేరిన దొరలు మిలిటరీ లారీల వెనక ఊళ్లకు తిరిగి వచ్చారు. పోయినప్పుడు తలమీద నిజాం రూమీ టోపీ, వచ్చినప్పుడు కాంగ్రెసు తెల్లటోపీ. మధ్యలో తల మాత్రం మారలేదు. బోడగుట్టపల్లె దొర అమరేందర్ రావు కూడా అట్లాగే వచ్చి, వస్తూనే ఊరికి ఒక బడి కట్టించాలని సంకల్పించాడు. గడీలో ఎడ్లకొట్టం ఖాళీగా పడి ఉంది. దానికి సున్నం కొడితే బడి అయింది. దాన్ని తెరవడానికి నల్లగొండ నుంచి పెద్ద అధికారి వస్తానన్నాడు. వచ్చే అధికారికి చూపించడానికి ఊరి తరఫున ఒక త్యాగమూర్తి ఉంటే బాగుంటుందని దొరకు తోచింది. బతికున్న త్యాగమూర్తులు అడవిలో ఉన్నారు. వాళ్లను పిలవడం కుదరదు. చచ్చినవాడు నయం. ఏ పార్టీ అని అడిగినా మాట్లాడడు.

అట్లా ఎంపికైనవాడు ఇస్రాయేలు. మాలవాడకట్టు మనిషి, గడీలో వెట్టి చేసినవాడు. నిరుడు ఎండకాలం రజాకార్లు ఊరి మీద పడ్డ రోజు బురుజు మీద వడిసెల పట్టుకుని కావలి ఉండి, తూటా తగిలి చచ్చాడు. రజాకార్లు బురుజు కింద పెట్టిన మంటలో అతని శవం కూడా పోయింది. ఇరవై ఐదేండ్ల బతుకులో ఒక్క ఫోటో దిగలేదు. ఫోటో వల్ల ఆయుష్షు తరుగుతుందన్న భయం చేత కాదు, దించేవాడు లేక.

"ఎనిమిది రోజులల్ల గావాలె," అన్నాడు దొర, బుచ్చయ్యను గడీకి పిలిపించి. "తెల్లటోపీ పెట్టు."

"టోపీ పెట్టెటోడా దొరా?"

"బతికుంటే పెట్టెటోడు."

గోడ మీద దొర తండ్రి పటం ఉంది. బుచ్చయ్య తయారు చేసిన నలభై మందిలో పదకొండోవాడు. తన పనిని తాను చూసుకుని, దానికి ఒక దండం పెట్టి బయటపడ్డాడు.

ఒక కాయిదం తీసి బొగ్గుపుల్లతో అరగంటలో నలభై ఒకటో ధర్మరాజును గీశాడు. టోపీ కూడా పెట్టాడు. ఇస్రాయేలు తల్లికి ఒకసారి చూపించడం మర్యాద గనక మాలవాడకట్టుకు పోయాడు. తల్లి మారెమ్మ ఇంటి ముందు చేటలో జొన్నలు చెరుగుతోంది. కోడలు నిర్మలమ్మ లోపల పిల్లను నిద్రపుచ్చుతోంది. తండ్రి పోయిన మూడు నెలలకు పుట్టిన పిల్ల అది.

"మారెమ్మా, నీ కొడుకు పటం గీసిన. చూడు."

మారెమ్మ చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, కాయిదాన్ని ఎండకు పట్టి చూసింది.

"గట్లనే ఉండె అయ్యా."

బుచ్చయ్య చేయి చాచాడు. ఆమె ఇవ్వబోతూ కాయిదాన్ని ఇటు తిప్పింది. అవతలి పక్క, మొన్న ఒక తిరుమలగిరి షావుకారు కోసం గీసి, ధర్మరాజు పోలిక రాక పక్కన పెట్టిన బొమ్మ ఉంది. లావుపాటి మనిషి, బట్టతల, నుదుటి మీద నిలువు నామం.

"గిది గూడ వాడే," అన్నది మారెమ్మ అంతే మర్యాదగా.

బుచ్చయ్యకు ముందు నవ్వు వచ్చింది. తర్వాత సంగతి అర్థమైంది. కాయిదం మీద గాడిదను గీసి ఇచ్చినా ఈమె గట్లనే ఉండె అంటుంది. అయ్యగారు గీసుకుని వచ్చాడు. కాదంటే అయ్యగారికి కష్టం. మరి ఆ నలభై మంది? వాళ్లు దొరలు, వాళ్లకు తన మీద భయమేమిటి? భయం కాదు. కాదంటే ఎట్లుండేవాడో వాళ్లు చెప్పాలి. చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. పదిహేనేండ్లుగా ఎదుటివాళ్లను చూసి చీదరించుకున్న మనిషికి, అదంతా తనను చూసి చీదరించుకోవలసిన సంగతి అని తెలియడం బాధే. వాడకట్టు అరుగు మీద ఎండలో నిలబడి ఆ బాధను పూర్తిగా అనుభవించాడు.

"మారెమ్మా, నేనొకటి అడుగుత. నీ మనుమరాలికి రేపు బాపు అని ఏ పటం చూపిస్తవ్?"

"బడిల గట్టెదే చూపిస్త. ఇంకేడిది?" అని మారెమ్మ చేట అందుకుంది. తర్వాత జొన్నల వంక చూస్తూ అన్నది: "నాకు యాదికుంటడు అయ్యా. వెనక నుంచి వస్తున్నట్టు ఉంటడు. తిరిగి చూస్తే మొకం ఉండదు. గా పటం చూసినంక గదే యాదికుంటది గావచ్చు."

ఆ మాటతో బుచ్చయ్య అక్కడ నాలుగు రోజులు ఇరుక్కుపోయాడు.

మర్నాడు ఒక ఉపాయం చేశాడు. నాటకాల కంపెనీలో ఉన్నప్పుడు గీసిన పాత బొమ్మలు ఇరవై దాకా మూటగట్టుకుని వచ్చి, "వీళ్లంత వేరే ఊర్లోళ్లు, చచ్చినోళ్లు గాదు, ఊకె చూడున్రి" అని పరిచాడు. తిడితే ఎవరికీ కష్టం కలగదని తెలిసేసరికి వాడకట్టంతా నోరు తెరిచింది. "గీని మొకం పాడుగాను, ఎంత దొడ్డ ముక్కు!" "గీడు ఆలిని కొట్టెటోని లెక్క ఉన్నడు." ఆ ఊపులో మారెమ్మ ఒక బొమ్మ నుదుటి మీద వేలు పెట్టి, "నుదురు గింత ఉండకపోయేది మావోనికి. వెంట్రుకలు ముందుకు ఉండె" అన్నది. బుచ్చయ్య వెంటనే రాసుకున్నాడు. ఇస్రాయేలుతో పాటు బురుజెక్కిన గొర్ల బీరన్న వచ్చి, ఎడమ కనుబొమ మీద కొడవలి గాటు ఉండేదని, చెవులు నిలబడి ఉండేవని చెప్పాడు. ఇంట్లోవాళ్లు ఇద్దరూ ఔనన్నారు. మొహంలో పైభాగం ముగ్గురూ ఒప్పుకున్నదే. రెండు రోజుల్లో అది స్థిరపడింది.

గదవ దగ్గర తగువు వచ్చింది.

"గుండ్రంగ ఉండె," అన్నది మారెమ్మ. "వాళ్ల నాయినది."

"గుండ్రమేడిది అత్తా? కొస్సగ ఉండె," అన్నది నిర్మలమ్మ గడప లోపలి నుంచి.

"గదవ కనబడితేగద," అన్నాడు బీరన్న. "కావలి ఉన్న దినాలల్ల మొకం నిండ గడ్డమాయె."

బుచ్చయ్య పై సగం మీద ఒక కాయిదం కప్పి, కింది సగం మారుస్తూ గీశాడు. ఎన్నిసార్లు గీసినా ఎవరి గదవ వాళ్లదే. చివరికి అతను ఒక నిర్ణయానికి వచ్చాడు: ముగ్గురిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు, తెలియనిదాన్ని తెలుసునని గీయడం మోసం. మూడు కాయిదాలు తీశాడు. మూడింటిలోనూ అదే నుదురు, అదే గాటు, అవే చెవులు. ఒకదానికి గుండ్రని గదవ, ఒకదానికి కొసగదవ, ఒకదానికి గడ్డం. జీవితంలో మొదటిసారి నిజాయితీగా ఒక పని చేశానన్న గర్వంతో వాటిని గడీకి పట్టుకుపోయాడు. గర్వం కొత్తది కావడం వల్ల కాస్త ఎక్కువగానే కనబడింది.

దొర మూడింటినీ చూశాడు.

"వీళ్లెవరు?"

"ఇస్రాయేలు, దొరా."

"ముగ్గురా?"

"ఒక్కడే. ఎట్లున్నడో రూఢిగ తెల్వదు. గిట్లనన్న ఉండొచ్చు, గట్లనన్న ఉండొచ్చు. మూడు పక్కపక్కన గడితే..."

"ఏరా బుచ్చిగా, ఆయన త్యాగమూర్తా, మూడు తలల దేవుడా? అధికారి వచ్చి దండ ఎవనికి ఏయాలె? గీనికి ఏసి, గానికి ఏసి, ఇంకొకడు అలగకుండ వానికి గూడ ఏయాల్నా?" పక్కనున్న కరణం నవ్వవలసినంత నవ్వాడు. "అయినా టోపీ ఏది?"

బుచ్చయ్య సంచిలో అడుగున పడి ఉన్న నలభై ఒకటో ధర్మరాజు దొర కంట పడ్డాడు. దొర దాన్ని బయటికి లాగి చేతులు చాపి పట్టుకున్నాడు. మొహం వెలిగింది.

"గిది! మనిషంటే గిట్లుండాలె. ఏం రాజసం! నాకెందుకో గీనె చిన్నప్పటి సంది ఎరుకైన మనిషి లెక్క కొడుతున్నడు."

గోడ మీది తండ్రి, చేతిలోని త్యాగమూర్తి ఒకరినొకరు చూసుకున్నారు. చూడనివాడు దొర ఒక్కడే. ఆ క్షణంలో బుచ్చయ్య కాదని ఒక్క మాట అని ఉంటే ఈ కథ వేరేగా ఉండేది, బుచ్చయ్య కూడా వేరే మనిషి అయి ఉండేవాడు. అతను "చిత్తం" అన్నాడు.

తనను తాను తిట్టుకోవడానికి సూర్యాపేట బజారు దాకా పోవలసిన పని లేకపోయింది. మాలవాడకట్టు దాకా నడక సరిపోయింది. అయితే మనిషి ఆత్మ ఎంత తెలివైనదంటే, వాడకట్టు చేరేలోగా అది ఒక ఓదార్పు తయారు చేసి పెట్టింది. బడిలో అబద్ధం కట్టనీ. ఇంట్లో నిజం ఉంటుంది. మూడు కాయిదాలూ మారెమ్మకు ఇస్తే ఆమె కండ్లకద్దుకుంటుంది. చచ్చినవాడి మీద ఇంత గౌరవం ఏ పటాలవాడు చూపించాడు?

మారెమ్మ మూడింటినీ గోడకు ఆనించి నిలబెట్టింది. చాలాసేపు చూసింది. కండ్లకద్దుకోలేదు.

"వీటిని ఏం జెయ్యాలె అయ్యా?"

"ఉంచుకో. మూడిట్ల ఏదో ఒకటి నీ కొడుకు."

"ఏది?"

"గది నాకెట్ల తెలుస్తది మారెమ్మా? నాకు తెల్వదు గనకనే మూడు..."

"నాకు తెల్వదు గనకనే నువ్వు గీస్తవనుకుంటి." ఆమె గొంతు పెద్దది చేయలేదు. "నేను మూడు కానుపులల్ల గనలేదయ్యా వాన్ని. ఒక్కసారే గన్న. పొల్ల పెరిగి నీ బాపు ఏడి అవ్వా అంటే, ఏందో బిడ్డా, మూడు దిక్కుల చూడు అనాల్నా? తప్పు నీ మీద పడొద్దని మూడు తెచ్చినవ్. బరువు నా నెత్తిన పెట్టినవ్."

నాలుగు రోజుల కింద గాడిదను చూపించినా ఔననే మనిషి ఈమే. ఇప్పుడు అయ్యగారి కష్టం ఆమెకు గుర్తున్నట్టు లేదు. బుచ్చయ్య మూడు కాయిదాలూ తీసి సంచిలో పెట్టుకున్నాడు. ఒకే అబద్ధాన్ని నలభైసార్లు తెలుసునని అమ్మినవాడు, తెలియదు అనే నిజాన్ని మూడు కాయిదాల మీద పంచి చేతులు కడుక్కోబోయాడు. మొదటి పనిలో మోసం ఉంది. రెండో పనిలో పిరికితనం ఉంది. ఈ రెంటికీ మధ్య ఇంకో పని ఉంటుందని అతనికి ఇంతవరకు తోచలేదు.

"ఒక తెల్ల కాయిదం ఉంది," అన్నాడు చివరికి. "మీ ముంగటనే గీస్త. ఒక్కటే గీస్త. నాకు తోచింది గీస్త. తప్పయితది. తప్పని చెప్పున్రి. మొకం మీద చెప్పున్రి."

గీశాడు. నుదురు, కనుబొమ, గాటు, చెవుల దగ్గర చేయి తడుముకోలేదు. గదవ దగ్గర ఒక్క క్షణం ఆగి, కావలి నాటి గడ్డం వదిలేసి, గుండ్రానికీ కొసకూ మధ్య రాజీ కుదర్చకుండా, గుండ్రంగా గట్టి గీత లాగాడు. పెదవులు కొంచెం విడిచి, నవ్వబోతున్నట్టు పెట్టాడు. కాయిదం తిప్పి చూపించాడు.

"కాదు," అన్నది నిర్మలమ్మ. ఈసారి గడప దాటి వచ్చింది. "ఆయన నోరు తెరిచి నవ్వడు."

"ఎందుకు నవ్వడే? నా కొడుకు నవ్వితె వాడకట్టంత వినబడుతుండె," అన్నది మారెమ్మ.

"నా దగ్గర ఎన్నడూ నవ్వలే అత్తా. నోరు మూసే నవ్వు. ఇరిగిన పండు కనబడుతదని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందటి పన్ను. ఇస్రాయేలుకు పద్దెనిమిదో ఏట, ఎడ్లకొట్టంలో వెట్టికి ఆలస్యంగా వచ్చాడని గడీ జవాను కట్టె ఎత్తి కొడితే ముందటి పన్ను సగం విరిగింది. పెండ్లి ఆ తర్వాత ఏడాది. తల్లికి గుర్తున్నది విరగకముందు పిల్లవాడు. పెండ్లానికి తెలిసింది విరిగిన తర్వాత మనిషి.

"పెదువులు గట్టిగ బిగబట్టెటోడు," అన్నది నిర్మలమ్మ. "గట్ల బిగబడితె గదవ..." అని తన గదవే పైకి లాగి చూపించింది.

"మీదికి లేచి కొస్సగ అయితది," అన్నాడు బుచ్చయ్య. ఆ మాట అంటున్నప్పుడు అతనే పెదవులు బిగబట్టి ఉన్నాడు.

గుడ్డతో గదవ తుడిచేశాడు. పెదవులు మూశాడు. గుండ్రని గదవను బిగబట్టిన పెదవుల కిందికి లాగాడు. "ఇంత లాగకు." తుడిచాడు. "ఎడమదిక్కు ఇంకింత." తుడిచాడు. కాయిదం అక్కడ నూగు లేచింది. మళ్లీ తిప్పి చూపించాడు.

మారెమ్మ ఔననలేదు, కాదనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పండు కనబడనియ్యకపాయె నా బిడ్డ," అన్నది.

తర్వాత జరిగింది పత్రికల్లో కూడా వచ్చింది గనక క్లుప్తంగా చెప్పవచ్చు. ఎడ్లకొట్టం బడి అయింది. ఏ కొట్టంలో ఇస్రాయేలు పన్ను విరిగిందో ఆ కొట్టం గోడకే టోపీతో దొర తండ్రిగారు వేలాడారు. అధికారి వచ్చాడు. అమరేందర్ రావు మైకు లేకుండానే గొంతు చించుకుని త్యాగం గురించి మాట్లాడాడు. కన్నతల్లి చేతుల మీదుగా దండ వేయిద్దామని మారెమ్మను ముందుకు పిలిచారు. ఆమె దండ పట్టుకుని పటం ముందు నిలబడింది. వెనక వరుసలో బుచ్చయ్య తల దించుకున్నాడు.

"గీనె నా కొడుకు గాదు," అన్నది మారెమ్మ.

"దుఃఖంల ఉన్నది," అన్నాడు దొర అధికారితో.

"దుక్కం లేదు దొరా. మావోడు గిట్లుండడు. గీనె ఎవరో నాకు తెల్వదు, గానీ గడీల సూసిన మొకం లెక్క ఉంది." దండ బల్ల మీద పెట్టి వచ్చి తన జాగాలో కూర్చుంది. ఆడవాళ్లలో ఎవరో పైకే నవ్వారు. కరణం గోడ వంక చూసి, తర్వాత దొర వంక చూసి, తర్వాత ఎటు చూడాలో తోచక అధికారి బూట్ల వంక చూశాడు.

పత్రికవాడు రాసింది మాత్రం గంభీరంగా ఉంది: "వీరమాత పుత్రశోకభారముచే మాట పెగలక దండను బల్లపై నుంచి కూలబడినది. సభాసదులు కన్నీరు మున్నీరైరి." పటం ఆ గోడకు ఉండనే ఉంది. పిల్లలు దానికి సున్నంతో మీసాలు పెట్టారని, అప్పుడు అది పూర్తిగా పెద్దదొరే అయిందని తర్వాత వినవచ్చింది.

ఆ ముచ్చట జిల్లా అంతా పాకింది. తమ తమ గోడల మీది తండ్రులను ఒకరితో ఒకరు పోల్చి చూసుకున్న కొడుకులు బుచ్చయ్య దుకాణం వైపు రావడం మానేశారు. అతను దుకాణాల బోర్డులు రాసుకుని బతికాడు. ఆ పనిలో కూడా "అక్షరం గిట్ల కాదు" అనేవాళ్లు దొరికేవారు. వాళ్ల మీద అతనికి కోపం వచ్చేది కాదు.

మారెమ్మ ఇంట్లో గోడకు మాత్రం ఒక్క కాయిదమే ఉంది. గదవ దగ్గర తుడిచి తుడిచి కాయిదం పలచబడి, ఎండ అవతలి పక్క నుంచి పడితే ఆ ఒక్కచోట వెలుతురు దిగేది. నిర్మలమ్మ బిడ్డకు ఆ గదవే తండ్రి గదవ. అది నిజంగా ఇస్రాయేలుదేనా అంటే, కాదనగలిగిన ఇద్దరు మనుషులూ ఆ ఇంట్లోనే ఉన్నారు, వాళ్లు అనలేదు.